షిఫ్ట్ హ్యాండోవర్‌లో బ్యాక్‌లాగ్, రెస్పాన్స్ టైమ్: ఏం రాయాలి, ఏం వదిలేయాలి

ప్రశ్న: "ఋషికొండలో ఒక ఈమెయిల్ సపోర్ట్ ప్రాసెస్‌లో ఎంఐఎస్ చూస్తున్నాను. షిఫ్ట్ మారేటప్పుడు వచ్చే లీడ్‌కి టికెట్ బ్యాక్‌లాగ్, రెస్పాన్స్ టైమ్ సమ్మరీ నేనే పంపాలి. డాష్‌బోర్డ్‌లో ఉన్న అంకెలన్నీ పెడుతున్నాను. అయినా రోజూ ఫోన్ చేసి 'అసలు పరిస్థితి ఏంటి?' అని అడుగుతున్నారు. ఏం పెట్టాలి, ఏం తీసేయాలి?"

ముందు మూడు విషయాలు పెట్టండి. మన జవాబు కోసం ఎదురుచూస్తున్న టికెట్లు ఎన్ని, వాటిలో అన్నిటికంటే పాతది ఎంతసేపటి నుంచి ఉంది, వచ్చే రెండు గంటల్లో ఎస్‌ఎల్‌ఏ గడువు దాటబోయేవి ఏవి. రెస్పాన్స్ టైమ్ వీటి కింద రావాలి. మొత్తం బ్యాక్‌లాగ్ దాని కింద ఒక్క లైన్. మిగతా అంకెలన్నీ షీట్‌లో ఉంచి లింక్ ఇస్తే చాలు.

నేను మధురవాడలో ఈమెయిల్, చాట్ ప్రాసెస్‌లు చేసి, తర్వాత లీడ్‌గా ఈ సమ్మరీలు అందుకుని, ఇప్పుడు వర్క్‌ఫోర్స్ టీమ్‌లో ఉండి వీటిని తయారు చేయిస్తున్నాను. ఈ సమ్మరీ చదివే మనిషి గాజువాక నుంచి క్యాబ్‌లో వస్తూ ఫోన్‌లో చూస్తారు. డెస్క్ దగ్గరకు రాగానే ఎవరికి ఏ టికెట్లు ఇవ్వాలో అప్పటికే తెలిసి ఉండాలి. "సగటు రెస్పాన్స్ టైమ్ 38 నిమిషాలు, సీఎస్‌ఏటీ 86 శాతం" అని చదివితే ఆ నిర్ణయం తీసుకోలేరు. అందుకే మీకు ఫోన్ వస్తోంది.

రెస్పాన్స్ టైమ్‌ని కిందకు ఎందుకు దించమన్నానో చెప్తాను. ఇది చాలామంది గమనించరు. రెస్పాన్స్ టైమ్ అనేది జవాబు ఇచ్చేసిన టికెట్లకే లెక్కకు వస్తుంది. జవాబు ఇవ్వని టికెట్‌కి ఇంకా రెస్పాన్స్ టైమ్ అంటూ ఏదీ లేదు, కాబట్టి అది ఆ లెక్కలోనే ఉండదు. మీ షిఫ్ట్‌లో పది టికెట్లు వచ్చాయనుకోండి. "నా ఆర్డర్ ఎక్కడుంది" లాంటివి ఆరు. వాటికి తలా 20 నిమిషాల్లో జవాబు వెళ్లింది. మిగతా నాలుగూ రీఫండ్ గొడవలు, రెండుసార్లు పోయిన పార్శిళ్లు. ఎవరూ ముట్టుకోలేదు, ఐదు గంటలుగా అలాగే ఉన్నాయి. డాష్‌బోర్డ్ మాత్రం 20 నిమిషాలు అని చూపిస్తుంది. క్యూ ఎంత చెడితే ఆ అంకె అంత బాగుండే అవకాశం కూడా ఉంది. టెన్షన్‌లో ఉన్న ఏజెంట్లు తేలికైనవే ముందు తీస్తారు కదా.

అన్యాయం దీని తర్వాత జరుగుతుంది. ఆ నాలుగింటికీ నైట్ షిఫ్ట్ వాళ్లు వచ్చి జవాబిస్తారు. కొన్ని రిపోర్టుల్లో ఫస్ట్ రెస్పాన్స్ టైమ్, జవాబు ఏ సమయంలో వెళ్లిందో ఆ షిఫ్ట్ ఖాతాలో పడుతుంది. అంటే ఐదు, ఆరు గంటల ఆలస్యమంతా నైట్ టీమ్ పేరు మీదకు వస్తుంది. పాత టికెట్లు తీసినవాళ్లు నెమ్మదిగాళ్లుగా, వదిలేసి వెళ్లినవాళ్లు చురుకైనవాళ్లుగా కనిపిస్తారు. కొన్ని వారాలు ఇలా సాగితే పాత టికెట్ ముట్టుకోవడానికే ఎవరూ ముందుకు రారు. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే: రెస్పాన్స్ టైమ్‌ని రెండు లైన్లుగా విడదీయండి. ఈ షిఫ్ట్‌లోనే వచ్చిన టికెట్లది ఒకటి, ముందు షిఫ్ట్ నుంచి సంక్రమించినవాటిది ఒకటి. టికెట్ క్రియేట్ అయిన సమయం షిఫ్ట్ మొదలైన సమయానికి ముందా తర్వాతా అని చూస్తే సరిపోతుంది, వేరే డేటా ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు ఒక షిఫ్ట్‌ని మొదటి నుంచి చివరి దాకా లెక్కగట్టి చూద్దాం. అంకెలు నేను ఉదాహరణ కోసం వేసుకున్నవి. మధ్యాహ్నం 1:30 నుంచి రాత్రి 10:30 వరకు షిఫ్ట్, అమెరికా తూర్పు తీరం క్లయింట్, మొదటి జవాబుకు 4 గంటలు, తర్వాతి జవాబులకు 8 గంటలు గడువు.

మొదట బ్యాక్‌లాగ్ లెక్క సరిపోయిందో లేదో చూడాలి. షిఫ్ట్ మొదట్లో 212 ఉన్నాయి. కొత్తవి 184 వచ్చాయి. సాల్వ్ అయ్యాక కస్టమర్ మళ్లీ రాస్తే తెరుచుకున్నవి 23. సాల్వ్ చేసినవి 171. లెక్క ప్రకారం 248 ఉండాలి. టూల్‌లో 241 కనిపిస్తున్నాయి. ఈ 7 ఎక్కడికి పోయాయో తెలిసేదాకా సమ్మరీ పంపొద్దు. వెతికితే 4 బిల్లింగ్ టీమ్‌కి బదిలీ అయ్యాయి, 3 వేరే టికెట్లలో మెర్జ్ అయ్యాయి. ఇప్పుడు సరిపోయింది. తేడా ఎప్పుడూ ఇంత తేలిగ్గా దొరకదు. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది సాల్వ్ లెక్క. ఒకే షిఫ్ట్‌లో సాల్వ్ అయి మళ్లీ తెరుచుకున్న టికెట్‌ని, "ఎన్నిసార్లు సాల్వ్ నొక్కారు" అని లెక్కపెట్టే రిపోర్ట్ కలుపుతుంది. "ఇప్పుడు సాల్వ్ స్టేటస్‌లో ఎన్ని ఉన్నాయి" అని లెక్కపెట్టే రిపోర్ట్ కలపదు. మొదటి పద్ధతి పట్టుకుంటే తెరుచుకున్నవాటినీ కలపాలి. రెండో పద్ధతైతే ఆ టికెట్‌ని రెండు వైపులా వదిలేయాలి. రెండూ కలిపేస్తే రోజూ కొద్దికొద్దిగా తేడా వస్తూనే ఉంటుంది.

తర్వాత ఆ 241ని బంతి ఎవరి కోర్టులో ఉందో దాన్నిబట్టి విడదీయండి. కస్టమర్ జవాబు కోసం ఆగినవి 96. కొరియర్ వాళ్ల దగ్గరో వేర్‌హౌస్ దగ్గరో ఆగినవి 38. మన జవాబు కోసం ఉన్నవి 107. వచ్చే లీడ్‌కి అసలు పని ఈ 107. అందులో ఇంకా ఒక్క జవాబూ వెళ్లనివి 41, ఒకసారి జవాబిచ్చాక కస్టమర్ మళ్లీ రాసినవి 66.

ఈ 66 గురించి కాస్త ఆగి చెప్పాలి. ఫస్ట్ రెస్పాన్స్ టైమ్ చూసేవాళ్లకు ఇవి కనబడవు, ఎందుకంటే వీటికి ఆ పరీక్ష ఎప్పుడో అయిపోయింది. కస్టమర్‌కి మాత్రం కోపం వచ్చేది ఇక్కడే. మొదటి జవాబు అరగంటలో వచ్చింది, అడిగిన ఫొటో పంపాడు, ఇక తొమ్మిది గంటలు ఎవరూ పలకలేదు. మీ టూల్‌లో "చివరి మెసేజ్ ఎవరిది" అనే కాలమ్ దొరుకుతుందేమో చూడండి. దొరికితే స్టేటస్‌ని నమ్మడం కంటే దాన్ని నమ్మడం మంచిది. `Pending`లో ఉన్న టికెట్‌కి కస్టమర్ జవాబిస్తే చాలా టూల్స్ దానంతట అవే `Open` చేస్తాయి. `On-hold`లో ఉంటే అలా మారుతుందో లేదో మీ సెటప్ మీద ఆధారపడుతుంది. ఒక టెస్ట్ టికెట్ వేసి, హోల్డ్‌లో పెట్టి, కస్టమర్ మెయిల్ నుంచి జవాబు పంపి చూడండి. మారకపోతే ఆ 38లో కొన్ని మనవే అయ్యుంటాయి, ఎవరికీ తెలియకుండా.

ఇదంతా కలిపి మెసేజ్ ఇలా ఉంటుంది. మా దగ్గర ఇంగ్లీషులోనే పంపుతాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

> రాత్రి 10:15 నాటికి. మన జవాబు కోసం 107 (కొత్తవి 41, మళ్లీ రాసినవి 66).
> గడువు దాటినవి 9. అన్నిటికంటే పాతది సాయంత్రం 3:55కి వచ్చింది, 6 గంటల 20 నిమిషాలుగా జవాబు లేదు.
> 12:15 లోపు గడువు దాటబోయేవి 17, లిస్ట్ కింద ఉంది. ఇందులో 11 ఒకే రకం: నిన్న పంపిన డిస్కౌంట్ కోడ్ పనిచేయడం లేదు. క్లయింట్ నుంచి జవాబు ఇంకా రాలేదు.
> ఈ షిఫ్ట్‌లో వచ్చి జవాబు వెళ్లినవి 136: మీడియన్ 38 నిమిషాలు, పదింట తొమ్మిది 2 గంటల 50 నిమిషాల లోపు. సంక్రమించినవి 22: మీడియన్ 3 గంటల 5 నిమిషాలు.
> బ్యాక్‌లాగ్ 212 నుంచి 241.
> మాట ఇచ్చినవి: రెండు టికెట్లకు తూర్పు తీరం సమయం 3 గంటలకు ఫోన్ చేస్తామన్నాం. మనకు రాత్రి 12:30. నంబర్లు, కథ కింద ఉన్నాయి.

ఇది ఫోన్‌లో ఒక స్క్రీన్‌లో పడుతుంది. 38 నిమిషాలు, 6 గంటల 20 నిమిషాలు పక్కపక్కనే ఉండటం వల్ల పరిస్థితి ఏంటో అడగాల్సిన అవసరం రాదు. టికెట్లలో చాలావరకు ఒకే కారణం ఉంటే అది తప్పక రాయండి. 11 టికెట్లకు 11 మందిని పెట్టాలో, ఒకరికి ఇచ్చి ఒకే జవాబు తయారు చేయించాలో లీడ్ ఆ ఒక్క వాక్యంతో తేల్చుకుంటారు. ఏ డాష్‌బోర్డూ ఆ వాక్యం రాసి పెట్టదు, టికెట్లు తెరిచి చదివిన మనిషే రాయాలి. మాట ఇచ్చినవి కూడా అంతే. ఏజెంట్ ఇంటికి వెళ్లిపోయాక ఆ మాట ఇంటర్నల్ నోట్‌లో ఎక్కడో ఉండిపోతుంది.

సగటు కాకుండా మీడియన్ ఎందుకంటే, ఒక్క పాత టికెట్ సగటును ఎక్కడికో లాక్కెళ్తుంది. 10, 12, 15, 20, 243 నిమిషాలు తీసుకోండి. సగటు 60. ఆ ఐదుగురిలో ఎవరికీ గంట దరిదాపుల్లో పట్టలేదు: నలుగురికి 20 నిమిషాల లోపే, ఒకరికి నాలుగు గంటలకు పైనే. మీడియన్ 15. అలాగని మీడియన్ ఒక్కటే ఇస్తే ఆ 243 మాయమైపోతుంది. అందుకే "పదింట తొమ్మిది ఎంత లోపు" అన్న అంకె పక్కన ఉండాలి. షీట్‌లో `=MEDIAN(...)`, `=PERCENTILE(..., 0.9)`. ఇంకొకటి, ఆటోమేటిక్‌గా వెళ్లే "మీ మెయిల్ అందింది" జవాబును టూల్ మొదటి జవాబుగా లెక్కిస్తోందేమో చూడండి. మీడియన్ ఒకటి రెండు నిమిషాలు వస్తుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

తర్వాత సమయం గొడవ. మన విశాఖలో కూర్చుని అమెరికా క్యూ చూసేవాళ్లకు తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌లో సమయాలు తరచూ యూటీసీలో ఉంటాయి. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందు. నైట్ షిఫ్ట్ రాత్రి 10:30 నుంచి పొద్దున 7:30 అయితే, యూటీసీలో అది సాయంత్రం 5 నుంచి రాత్రి 2. మన అర్ధరాత్రీ, యూటీసీ అర్ధరాత్రీ రెండూ షిఫ్ట్ మధ్యలోనే వస్తాయి. "ఈరోజు" అని ఫిల్టర్ పెడితే షిఫ్ట్ రెండు ముక్కలై, సగం నిన్నటి ఖాతాలోకి వెళ్తుంది. తేదీ ఫిల్టర్ ఎప్పుడూ వాడొద్దు. మొదలు, ముగింపు సమయాలు తేదీతో సహా రెండు సెల్స్‌లో టైప్ చేసి, వాటి మధ్య వచ్చినవి తీసుకోండి.

అమెరికాలో గడియారం మార్చే రోజులు కూడా క్యాలెండర్‌లో పెట్టుకోండి. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. ఎండాకాలంలో తూర్పు తీరం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర. వాళ్ల మధ్యాహ్నం 3 గంటలు జూన్‌లో మనకు రాత్రి 12:30 అయితే, డిసెంబర్‌లో 1:30. కాల్‌బ్యాక్ సమయాలు రెండు గడియారాల్లోనూ రాయమనేది ఇందుకే. గడువు కూడా క్లయింట్ పని గంటల్లో లెక్కో, 24 గంటల లెక్కో ఒప్పందంలో చూసి, షీట్‌లో పైనే రాసి పెట్టండి. పని గంటల లెక్కైతే వాళ్ల రాత్రంతా గడియారం ఆగి ఉంటుంది. పొద్దున వాళ్ల ఆఫీసు తెరవగానే చాలా టికెట్లకు ఒకేసారి గడువు పరుగెత్తడం మొదలవుతుంది.

రెండు గంటల్లో గడువు దాటేవి తీయడానికి షీట్‌లో ఇంత చాలు. సి కాలమ్‌లో బంతి ఎవరిదో, ఎఫ్ కాలమ్‌లో గడువు సమయం, హెచ్1లో స్నాప్‌షాట్ సమయం ఉన్నాయనుకుంటే:

```
=COUNTIFS(C:C,"OURS",F:F,">"&$H$1,F:F,"<="&$H$1+TIME(2,0,0))
```

హెచ్1లో `NOW()` పెట్టకండి. షీట్ మళ్లీ లెక్క వేసుకున్న ప్రతిసారీ అది మారిపోతుంది. లీడ్ అర్ధరాత్రి లింక్ తెరిస్తే మీరు మెసేజ్‌లో రాసిన 17 అక్కడ ఉండదు. సమయం చేత్తో టైప్ చేయండి. ఇంకా ముఖ్యం, ఈ ఫార్ములా సున్నా చూపిస్తే వెంటనే నమ్మొద్దు. ఎక్స్‌పోర్ట్‌లో సమయం `2025-06-10T17:00:00Z` రూపంలో వస్తే షీట్ దాన్ని తేదీగా కాక మామూలు అక్షరాలుగా తీసుకోవచ్చు. అప్పుడు ఏ పోలికా కుదరక సున్నా వస్తుంది. చూసినవాళ్లకు ఈ రాత్రి హాయిగా ఉందనిపిస్తుంది. `=ISNUMBER(F2)` పెట్టి చూడండి. `FALSE` వస్తే ముందు దాన్ని నిజమైన సమయంగా మార్చి, యూటీసీ అయితే `TIME(5,30,0)` కలపండి.

స్నాప్‌షాట్ షిఫ్ట్ ముగియడానికి పావుగంట ముందు, రోజూ అదే సమయానికి తీసి సేవ్ చేయండి. టికెట్ స్టేటస్ మారుతూ ఉంటుంది కాబట్టి, "నిన్న రాత్రి 10:15కి ఎన్ని మనవైపు ఉన్నాయి" అని రేపు అడిగితే మామూలు వ్యూలో తిరిగి తీయడం కుదరదు. ఆ పావుగంటలోనే ఒక అలవాటు కూడా బయటపడుతుంది. కొందరు వెళ్లేముందు గడువు దగ్గరపడ్డ టికెట్లన్నిటికీ "పరిశీలిస్తున్నాం, త్వరలో చెప్తాం" అని ఒకే మెసేజ్ పంపేస్తారు. గడియారం ఆగిపోతుంది, టికెట్ `Pending`లోకి వెళ్తుంది, లెక్కలో "కస్టమర్ వైపు" చేరుతుంది. కస్టమర్ దగ్గర మనం అడిగిందేమీ లేదు, అతను మనకోసమే చూస్తున్నాడు. షిఫ్ట్ చివరి అరగంటలో `Pending`కి వెళ్లినవాటిని విడిగా తీసి నాలుగైదు తెరిచి చదవండి. చివరి మెసేజ్‌లో కస్టమర్‌ని అడిగిన ప్రశ్న ఏదీ లేకపోతే అది మన టికెట్టే. వాటిని తిరిగి మనవైపు కలిపి పంపండి. ఈ విషయంలో మొహమాటపడితే తర్వాతి షిఫ్ట్ మోసపోతుంది. ఏజెంట్ పేరు మాత్రం సమ్మరీలో రాయొద్దు, అది మీ లీడ్‌తో విడిగా మాట్లాడాల్సిన విషయం.

చివరగా, మనుషుల లెక్క. ఇది రోజూ అక్కర్లేదు కానీ బ్యాక్‌లాగ్ పెరుగుతున్న రోజు, తుఫాను హెచ్చరికతో క్యాబ్‌లు తిరగని రోజు తప్పకుండా పెట్టండి. నైట్‌కి 9 మంది వస్తున్నారు, ఒక్కొక్కరు గంటకు 5 జవాబులు ఇస్తారనుకుంటే గంటకు 45. అదే గంటలో కొత్తవి 20, కస్టమర్లు మళ్లీ రాసేవి 12 వస్తుంటే, నికరంగా తగ్గేది 13. 107 ఖాళీ కావడానికి ఎనిమిది గంటలకు పైనే, అంటే దాదాపు షిఫ్టంతా. ఇద్దరు రాకపోతే జవాబులు 35కి పడిపోతాయి, నికరం 3. అప్పుడు ఆ రాత్రి క్యూ తగ్గనట్టే. 12:15 లోపు ఉన్న 17ని ముందు తీయించి, కొత్తవాటికి ఎంత ఆలస్యమవుతుందో క్లయింట్‌కి రాత్రి 11 గంటలకే చెప్పడం తప్ప లీడ్‌కి వేరే దారి లేదు. పొద్దున 7 గంటలకు తెలిస్తే ఆ దారి కూడా ఉండదు. రాత్రికి వచ్చేవాళ్లు ఎందరో ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి మీకంటే ముందే తెలుస్తుంది. 10 గంటలకు వాళ్లకు ఒక ఫోన్ చేయండి.

మెసేజ్ పంపాక వచ్చే లీడ్ నుంచి "చూశాను" అనే జవాబుతో వదిలేయకండి. గడువు దాటిన 9, దాటబోయే 17 ఎవరికి అసైన్ అయ్యాయో టూల్‌లోనే కనబడాలి. షిఫ్ట్ మారిన పావుగంటకు ఆ 26 నంబర్లు ఒకసారి తెరిచి చూడండి. ఇంకా ఇంటికి వెళ్లిపోయిన ఏజెంట్ పేరు మీదే ఉన్నవి కనిపిస్తే, వాటి నంబర్లు మాత్రం లీడ్‌కి మళ్లీ పంపండి.